సంపాదకుని మాట: అదనపు బస్తా ఎవరిది?

1978లో పశ్చిమ బెంగాల్ ‘ఆపరేషన్ బర్గా’ పేరుతో పాలికి సాగుచేసే రైతులను రికార్డుకెక్కించింది. పేరెక్కాక వాళ్లను ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టడానికి వీల్లేదు. ఖర్చులు తామే పెట్టుకుంటే భూస్వామికి పావు వంతు ఇస్తే చాలు. అంతకుముందు సగం పాలు మామూలే. ఎరువు ఎక్కువేసి నాలుగు బస్తాలు అదనంగా పండిస్తే రెండు ఆసామి గాదెకే పోయేవి. ఇప్పుడు మూడు తనకే.

దిగుబడి పెరిగింది. అయితే అదే కాలంలో బోరునీళ్లు, కొత్త వంగడాలూ వచ్చాయి కదా! అందుకే ఆర్థికవేత్తలు బెనర్జీ, గెర్ట్‌లర్, ఘటక్ ఈ సంస్కరణ లేని పక్కింటి బంగ్లాదేశ్‌తో పోల్చి చూశారు. పెరుగుదలలో సుమారు 28 శాతం దీనిదేనని 2002లో అంచనా కట్టారు. ఈ సంచికలోని ప్రధాన వ్యాసం ఆ లెక్కనే తరచి చూస్తుంది.

మన కోస్తాలో మాత్రం కౌలు ఎక్కువగా మక్తాయే. అదనపు బస్తా ఎలాగూ రైతుదే, చిక్కంతా అప్పు దగ్గర. కౌలుదారుగా బ్యాంకు అప్పు తీసుకోవడానికి సాగుదారు హక్కు కార్డు చూపాలి, 2019 ఆంధ్ర చట్టం కింద ఆ కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి.