వందనాలకు జవాబు వందనాలే



మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలోని ఒక పెద్దామె నా దగ్గరికొచ్చి "వందనాలు అయ్యగారూ" అంది. నేను ఆగకుండా చెప్పుకుపోయాను. "ప్రార్థన చేయాలా అమ్మా? పింఛను కాగితాలు రాయించాలా? ఆసుపత్రికి తోడు పంపించనా? రేషన్ కార్డు పనైనా చూస్తాం." ఆమె "ఏం లేదయ్యగారూ" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. దూరాన ఉన్న కొడుకు నెల రోజులుగా ఫోన్ చేయడం లేదని బుధవారం తెలిసింది. అది నా చిట్టాలో లేదు.

పలకరించిన మనిషి ముందు సహాయాల చిట్టా విప్పితే, ఆమె అడుక్కోవడానికి వచ్చినట్టవుతుంది. చిట్టాలో లేని బాధ గొంతులోనే ఆగిపోతుంది.

రూతు గ్రంథం 2వ అధ్యాయం చూడండి. బోయజు పొలానికొచ్చి కోత కోసేవాళ్లను దేవుని పేరున పలకరించాడు. వాళ్లూ దీవెనతోనే బదులిచ్చారు, తాము చేయగల పనులు ఏకరువు పెట్టలేదు. బర్తిమయి గుడ్డివాడని కళ్లెదుట కనిపిస్తున్నా, ఏం కావాలో యేసుప్రభువు అతన్నే చెప్పనిచ్చాడు.

ఇకమీదట "వందనాలమ్మా, కూర్చో. ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?" అని అడిగి ఊరుకుంటాను. తర్వాతి మాట ఆమెది.