సడలింపును మింగేసే భాగహారం

కరోల్ బాగ్ గదిలో మా తమ్ముడి పీహెచ్‌డీ దరఖాస్తు నింపుతూ ఆగిపోయాను. అర్హత 6.0 సీజీపీఏ, ఎస్సీ, ఎస్టీలకు 5.5 అన్నారు. శాతాన్ని సీజీపీఏగా మార్చే సూత్రం మాత్రం ఇవ్వలేదు. తమ్ముడి పీజీ మెమోలో ఉన్నది 52 శాతం.

పదితో భాగిస్తే 5.2, అనర్హుడు. సీబీఎస్ఈ పదో తరగతికి వాడిన 9.5తో భాగిస్తే 5.47, వెంట్రుకవాసిలో అనర్హుడు. జేఎన్‌టీయూ హైదరాబాద్ సీజీపీఏలోంచి 0.5 తీసేసి, పదితో గుణించి శాతం కడుతుంది. దాన్ని తిరగేస్తే 5.7, అర్హుడు.

మొదటి లెక్కకూ చివరి లెక్కకూ తేడా 0.5. మనకిచ్చిన సడలింపూ 0.5. నోటిఫికేషన్ ఇచ్చినదాన్ని దరఖాస్తులు వడపోసే బల్ల దగ్గర ఒక్క భాగహారం లాగేసుకోగలదు.

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు పీజీలో 55 శాతం అడిగి, మనకు 5 శాతం సడలించాయి. ఆ లెక్కన తమ్ముడు అర్హుడే. కాబట్టి శాతం మెమో ఉన్నవారికి కటాఫ్ శాతంలోనే రాయాలి. లేదా సూత్రాన్ని నోటిఫికేషన్‌లోనే అచ్చు వేయాలి.