చిన్న కరెక్షనే కదా!

మోక వైపు నుంచి రోజూ బస్సులో బళ్లారికి వచ్చే మన అమ్మాయిల్లో, ల్యాప్‌టాప్ మీద పెళ్లి పత్రికలు, షాపు బోర్డులు డిజైన్ చేసి సెలవుల్లో నాలుగు రూపాయలు సంపాదించుకునేవాళ్లు ఉన్నారు. ఐదొందలు, వెయ్యి పనులకు నోటిమాట సరిపోతుంది. అలాంటి అమ్మాయికి ఒక జీన్స్ యూనిట్ నుంచి మొదటి పెద్ద ఆర్డర్ వచ్చిందనుకుందాం. లోగో, నడుం వెనక కుట్టే ప్యాచ్, వేలాడే ట్యాగ్, డబ్బా మీది స్టిక్కర్, అన్నీ కలిపి ముప్పై వేలు. సావుకారు అంటాడు: "నువ్వు మొదలుపెట్టమ్మా, డబ్బుదేముంది, చూసుకుందాం."

ఇక్కడే కాగితం రాసుకోవాలని నా వాదన. తెలిసినవాళ్ల దగ్గర కాగితమేంటి, మర్యాద కాదు అంటారు మనవాళ్లు. అదే సావుకారు బావమరిదికి అప్పిస్తే ప్రోనోటు రాయించుకోడా?

ఆ కాగితంలో అసలు తగాదా అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. అది 'కరెక్షన్'. ట్యాగ్ మీద ఎరుపు కాస్త ముదురు చేయమనడం కరెక్షనే. ఎద్దు బొమ్మ బాగుందని ఒప్పుకొని, వారం తర్వాత "ఎద్దు వద్దు, గుర్రం పెట్టు" అనడం కూడా ఆయన దృష్టిలో కరెక్షనే! ఆ అమ్మాయికి మాత్రం అది మళ్లీ మొదటినుంచి చేసే పని. పొద్దున అన్న ఒకటి చెప్తాడు, రాత్రి పదింటికి తమ్ముడు ఫోన్ చేసి ఇంకోటి చెప్తాడు. ఇట్లా నెల గడిచేసరికి ముప్పై వేల పని కూలికి కూడా గిట్టదు.

కాబట్టి "రెండు కరెక్షన్లు ఉచితం" అని రాస్తే చాలదు. కరెక్షన్ అంటే ఏమిటో రాయాలి. నేనైతే ఇట్లా రాస్తాను: "ఒప్పుకున్న డిజైన్లో రంగు, సైజు, అక్షరాల మార్పులన్నీ ఒకేసారి, ఫలానా ఒక్క వ్యక్తి వాట్సాప్‌లో రాసి పంపితే అది ఒక విడత. ఇట్లాంటివి రెండు విడతలు ధరలోనే ఉన్నాయి. మూడో విడత నుంచి ఒక్కోదానికి పదిహేను వందలు. ఒప్పుకున్న బొమ్మనే మార్చమంటే అది కొత్త పని, ధర ముందు మాట్లాడుకోవాలి." దీంతోపాటు సావుకారు వైపు న్యాయం కూడా ఒక వాక్యం ఉండాలి: డిజైనర్ చేసిన తప్పు దిద్దడం విడతల లెక్కలోకి రాదు. స్పెల్లింగ్ తప్పుపోతే దిద్దడానికి డబ్బులడగడం ఏం బాగుంటుంది?

చేసే పనుల జాబితా ఎంత ముఖ్యమో, చేయనివి రాయడం కూడా అంతే. ట్యాగుల ప్రింటింగ్ ఖర్చు, బట్టల ఫొటోలు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు ఇందులో లేవని ఒక్క లైను రాస్తే తర్వాత మొహమాటం తప్పుతుంది.

ఇక డబ్బు. "పని నచ్చాక ఇస్తాం", "సరుకు అమ్ముడుపోయాక ఇస్తాం" అనే మాటలకు తేదీ ఉండదు. విడతలు మన చేతిలో ఉన్న పనికి ముడిపడాలి. అడ్వాన్సు పన్నెండు వేలు, అది అందాకే పని మొదలు. మొదటి నమూనాలు పంపిన ఏడు రోజుల్లో తొమ్మిది వేలు. మిగిలిన తొమ్మిది వేలు, ప్రింటింగుకు పనికొచ్చే ఓపెన్ ఫైళ్లు ఇవ్వకముందే. అప్పటిదాకా చూపించేది చిన్న సైజు బొమ్మలే. కోరల్‌డ్రా ఫైలు చేయి దాటాక ఫోన్ ఎత్తేవాళ్లు తక్కువ. నమూనాలు పంపాక సావుకారు ఏ జవాబూ చెప్పకపోయినా ఆ ఏడు రోజుల గడువు ఆగదని కూడా రాయాలి. మధ్యలో పని ఆపేస్తే అడ్వాన్సు వెనక్కి రాదని కూడా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, జీతానికి కాకుండా సొంతంగా పనిచేసే డిజైనర్ గీసిన లోగో మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, గీసినవాళ్లదే. ఆ హక్కు రాతపూర్వకంగా సంతకంతో ఇస్తేనే చేతులు మారుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. అంటే కాగితం సావుకారుకీ అవసరమే. "చివరి విడత అందిన రోజు నుంచి లోగో హక్కు శాశ్వతంగా మీది" అన్న వాక్యం చూపిస్తే, కాగితమెందుకన్న మనిషే పెన్ను అడుగుతాడు.

ఇదంతా ఇంగ్లీషులోనే ఉండాలని కొందరి భ్రమ. 1872 కాంట్రాక్టు చట్టం ఏ భాషలో రాయాలో చెప్పలేదు. నెట్లో దొరికిన పదిహేను పేజీల ఇంగ్లీషు నమూనా ఇద్దరికీ అర్థం కాదు, తగాదా వచ్చిన రోజు ఎవరూ తెరవరు. తెలుగులోనో కన్నడలోనో, ఇద్దరూ చదివి ఒప్పుకోగల ఒక్క పేజీ మేలు. 'కరెక్షన్'కీ 'కొత్త పని'కీ తేడా రెండు వాక్యాల్లో చెప్పడం వ్యాకరణం చదివే మనకు కష్టమా?

రెండు ప్రతులు తీయండి. రెండింటి మీదా ఇద్దరి సంతకాలు, తేదీ ఉండాలి. ఫొటో తీసి అదే రోజు సావుకారుకు వాట్సాప్‌లో పంపండి.