16.1 అంటే ఎంత వేగం?

2018 జూన్‌లో బెంగళూరులో జరిగిన యో-యో పరీక్షలో విఫలమై అంబటి రాయుడు ఇంగ్లండ్ వన్డే పర్యటనకు దూరమయ్యాడు. అప్పట్లో భారత జట్టుకు గీటురాయి 16.1. ఈ అంకెను చాలామంది పాఠశాలల్లో, శిక్షణ శిబిరాల్లో పెట్టే బీప్ టెస్ట్ లెవెల్‌గా పొరబడతారు. రెండూ ఒకటి కావు. తేడా తెలియాలంటే లెవెల్‌ను వేగంలోకి మార్చి చూడాలి.

బీప్ టెస్ట్‌లో 20 మీటర్ల దూరంలో రెండు గీతలుంటాయి. ఒక బీప్‌కు బయలుదేరినవారు తర్వాతి బీప్ మోగేలోగా అవతలి గీతను చేరాలి. ఆ రెండు బీప్‌ల మధ్య సెకన్లతో 72ను భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 20 మీటర్లను సెకన్లతో భాగించి 3.6తో హెచ్చించడమే దీని వెనుక లెక్క. పదో లెవెల్‌లో వ్యవధి 5.54 సెకన్లు, అంటే వేగం 13 కిలోమీటర్లు. లెవెల్‌కు అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి లెవెల్‌లో సగానికి 8 కలిపినా అదే జవాబు.

మొదటి లెవెల్ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. కొన్ని రికార్డింగులు 8.5తో, కొన్ని 8తో మొదలవుతాయి. తొలి బీప్‌ల మధ్య 8.47 సెకన్లుంటే మొదటి రకం, సరిగ్గా 9 ఉంటే రెండోది. రెండో లెవెల్ నుంచి రెండూ ఒకటే.

స్టాప్‌వాచ్‌తో ఒక్క బీప్ వ్యవధిని కొలిస్తే లెక్క తప్పుతుంది. పదో లెవెల్‌లో వేలు పదో వంతు సెకను తొందరపడితే 13 కాస్తా 13.24 అవుతుంది, దాదాపు సగం లెవెల్ తేడా. లెవెల్ మొత్తాన్ని కొలవడం మేలు. పదో లెవెల్‌లోని 11 పరుగులకు 60.9 సెకన్లు పట్టాలి. గీతల దూరాన్నీ టేపుతో చూడాలి. 19 మీటర్లే ఉంటే పదో లెవెల్ దాటినవారి అసలు వేగం 12.35 మాత్రమే. ఫలితం ఒక లెవెల్‌కు పైగా ఉబ్బినట్టే.

వచ్చే అంకె సగటు వేగమే. ప్రతి గీత దగ్గరా ఆగి తిరగాలి కనుక మధ్యలో అంతకంటే వేగంగా పరుగెత్తాల్సి ఉంటుంది. అందుకే దాన్ని ట్రాక్‌పై తిన్నగా పరుగెత్తే వేగంతో పోల్చకూడదు.

మళ్లీ 16.1కి వద్దాం. బీప్ టెస్ట్ పదహారో లెవెల్ వేగం 16 కిలోమీటర్లు, యో-యోలో 15.5. వేగంలో తేడా స్వల్పమే. కానీ యో-యోలో ప్రతి 40 మీటర్లకు 10 సెకన్ల విరామం ఉంటుంది, 16.1 నాటికి మొత్తం పరుగు 1,120 మీటర్లు. బీప్ టెస్ట్‌లో విరామమే లేదు, అదే అంకెకు 3,160 మీటర్లు పరుగెత్తాలి. కాబట్టి ఏ పరీక్షో చెప్పకుండా ఇచ్చే స్కోరుతో ఇద్దరు ఆటగాళ్లను పోల్చలేం.