ఇతివృత్తాలు వాటంతటవే వెలువడవు

మన పరిశోధనా గ్రంథాల్లో ఒక వాక్యం తరచు కనబడుతుంది: "ఇంటర్వ్యూల నుంచి ఈ క్రింది ఇతివృత్తాలు వెలువడినవి." వెలువడటానికి అవి పుట్టలోని చీమలా? ఎవరు ఏరారు, ఏ దృష్టితో ఏరారు అన్న ప్రశ్నను ఆ ఒక్క క్రియాపదం మింగేస్తుంది. బ్రౌన్, క్లార్క్‌లు 2006లోనే ఈ మాటను తప్పుపట్టారు.

కౌలురైతులతో జరిపిన ఇంటర్వ్యూలు అనుకుందాం. ఒకరు "కాగితం లేదని బ్యాంకు అప్పివ్వలేదు" అంటారు. మరొకరు "పంట పోయింది నాకు, పరిహారం పడింది ఆసామి ఖాతాలో" అంటారు. మూడో ఆయన "కాగితం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వడు" అంటాడు. మన పరిశోధకుడు వీటికి "అప్పు", "పరిహారం", "కౌలు" అని కోడ్‌లు పెట్టి, వాటినే అధ్యాయంలో మూడు శీర్షికలు చేస్తాడు. అవి ఇతివృత్తాలు కావు, తాను అడిగిన ప్రశ్నల పేర్లే!

"కాగితం లేక అప్పు రాకపోవడం", "అడగటానికి భయం" అని కోడ్ పెడితే మూడు మాటలూ ఒకచోటికి చేరతాయి: నష్టం కౌలుదారుది, కాగితం ఆసామిది. ఇది ఇతివృత్తం, ఎందుకంటే ఇది ఒక వాదన. కనుక తప్పని తేలవచ్చు.

దానితో మళ్ళీ ఇంటర్వ్యూలన్నీ చదవాలి. ఆసామికి బంధువైన ఒక కౌలుదారుకు కాగితం దొరికిందనుకోండి. అతన్ని "ఇతరములు"లోకి నెట్టడం మోసం. బంధుత్వాన్ని చేర్చి వాదననే సవరించాలి.

శీర్షికను పూర్తి వాక్యంగా రాసి చూడండి. రాయలేకపోతే అది వట్టి సంచి. "వెలువడినవి" అనకండి, "నేనిట్లా గ్రహించాను, ఇందువల్ల" అనండి.