రచయితలకు విన్నపం: ఏఐ రాతల గురించి, ఏఐ అట్టబొమ్మల గురించి

ఇకపై మేం అచ్చువేసే పుస్తకాల్లో ఏఐ చేత రాయించిన పాఠం గానీ, ఏఐ చేత గీయించిన ముఖచిత్రం గానీ ఉండకూడదని నిర్ణయించుకున్నాం. కథ, నవల, వ్యాసం, పాటల సేకరణ, అనువాదం అన్నిటికీ ఇదే నియమం. ముందుమాటకూ, వెనక అట్ట మీద వేసే నాలుగు మాటలకూ ఇదే వర్తిస్తుంది. ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా అడవి అంచు వరకు ఉన్న జీవితాన్ని రాసే పుస్తకాలు మావి. అచ్చయిన ఏ వాక్యాన్ని చూపించి అయినా “ఇది ఎవరు చూశారు, ఎవరు చెప్పారు” అని పాఠకుడు అడిగితే జవాబు చెప్పగలగాలి. పెద్ద సంస్థలకు పేరు, పంపిణీ, ప్రకటనలు ఉంటాయి. మాకున్నది ఈ జవాబు ఒక్కటే.

యంత్రం చాలామంది చాలాసార్లు రాసిన విషయాన్ని బాగానే రాస్తుంది. మన దగ్గర చిక్కంతా చాలా విషయాలు ఎవరూ రాయకపోవడమే. కోయల గట్ల సంగతే చూడండి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ కోయ కుటుంబాలు గట్లుగా విడివడి ఉంటాయి. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ముల వరస కాబట్టి వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఏ ఇంటిపేరు ఏ గట్టులోకి వస్తుందో, ఆ గట్టుకు ఏ వేల్పో ఊళ్లలో పెద్దలకు నోటికి తెలుసు. అది అచ్చులోకి వచ్చింది చాలా తక్కువ. “ఒక కోయ ప్రేమకథ రాయి” అని అడిగితే యంత్రం తనకు దొరికిన రెండు ఇంటిపేర్లు తీసుకుని ఇద్దరికీ పెళ్లి చేసేస్తుంది. భాష సాఫీగా ఉంటుంది, ఇప్పపూల వాసన కూడా ఉంటుంది. హైదరాబాదు పాఠకుడికి అందులో ఏ లోపమూ కనిపించదు. ఆ రెండు ఇంటిపేర్లూ ఒకే గట్టువైతే మాత్రం, చర్ల మండలంలో ఆ కథ చదివే కోయ పిల్లకు మనం అన్నాచెల్లెళ్ల పెళ్లిని ఆదర్శంగా చూపించినట్టే. తెలియక రచయిత చేసే తప్పుకూ దీనికీ తేడా ఉంది. రచయితకు అనుమానం వస్తుంది, ఎవరినైనా అడుగుతాడు. యంత్రం తెలియనిచోట ఆగదు, తెలిసినదానంత ధీమాగానే రాసుకుపోతుంది.

ఊరి పేర్లలోనూ ఇదే ప్రమాదం. 2022లో పద్మశ్రీ అందుకున్న డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యది మణుగూరు మండలంలోని కూనవరం. శబరి గోదావరిలో కలిసేచోట ఉన్న కూనవరం వేరు, అది 2014లో ముంపు మండలాలతోపాటు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. ఈ రెండింటినీ కలిపేస్తే ఒక కళాకారుడి వంశగాథ రాష్ట్రమే మారిపోతుంది. భాషల్లోనూ అంతే. కొండరెడ్లది తెలుగు, కోయలది కోయ భాష. “గిరిజనులు” అన్న ఒక్క మాటలో ఇద్దరినీ కలిపి చదువుకున్న యంత్రం కొండరెడ్డి ముసలాయన చేత కోయలో మాట్లాడించగలదు. ఇలాంటిది ఒకసారి అచ్చయితే తర్వాత పరిశోధక విద్యార్థి దాన్నే ఉదహరిస్తాడు, రేపటి యంత్రం దాన్నే చదువుకుంటుంది. మొదటి పుస్తకంలో పడ్డ తప్పును దిద్దడానికి పక్కన రెండో పుస్తకం లేని ప్రాంతం మనది.

అట్ట సంగతీ అంతే. ఏఐ బొమ్మల్లో ఆరు వేళ్లు వస్తాయని, తెలుగు ఒత్తులు విరిగిపోతాయని చాలామంది అంటారు. ఆ లోపాలు తగ్గుతున్నాయి, రేపు పూర్తిగా పోవచ్చు కూడా. మా అభ్యంతరం వాటి మీద నిలబడలేదు. కొమ్ము కోయ నృత్యంలో దున్నకొమ్ముల తలపాగా పెట్టుకుని డోలు వాయించేది మగవాళ్లు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని వరసగా ఆడతారు. బొమ్మ అందంగా కనబడాలన్న తొందరలో కొమ్ములు ఆడపిల్ల తల మీదికి చేరితే అట్ట మీదే అబద్ధం మొదలైనట్టు. కోయల పడిగె గుడ్డ మీద వంశగాథను బొమ్మలుగా వేస్తారు. ఏ బొమ్మ ఎక్కడుండాలో ఆ వేల్పును కొలిచే కుటుంబాలు చెప్పాలి. “పడిగె శైలిలో” అని యంత్రాన్ని అడిగితే వచ్చేది ఎవరి వేల్పూ కాని గుడ్డ. చిత్రకారుడైతే పొరపాటు చేసినా పిలిచి కూర్చోబెట్టి దిద్దించవచ్చు, అతని పేరు అట్ట వెనక వేయవచ్చు.

దీనికి రాగల అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది కోయ ఇంటి నుంచి మొదటిసారి రాస్తున్న పిల్లలది. వాళ్లకు తెలుగు బడిలో నేర్చుకున్న భాష. వాక్యం దిద్దిపెట్టే సాయం ఇప్పుడే చేతికి అందితే దాన్నీ మీరు లాక్కుంటారా అని అడగవచ్చు. లాక్కోం. మాట్లాడితే టైపు చేసే సాధనం, అక్షరదోషాలు పట్టేది, పాత పుస్తకం పేజీని అక్షరాల్లోకి మార్చేది వాడుకోండి, మాకు చెప్పనక్కర్లేదు. మీరు రాసిన వాక్యాన్ని తీసుకుని వేరే వాక్యం చేసి ఇచ్చేదాన్ని మాత్రం వద్దంటున్నాం. అది దిద్దిన తెలుగు అందరి తెలుగులాగే ఉంటుంది, మీ ఊరి పలుకుబడి తప్పుగా లెక్కపడి ఎగిరిపోతుంది. మీ వాక్యం తడబడితే తడబడనివ్వండి. పక్కన కూర్చుని దిద్దడం మా సంపాదకుల పని, ఆ పనికి మీ దగ్గర డబ్బు తీసుకోం.

“ఏఐ రాసిందని ఎలా కనిపెడతారు” అన్నది రెండో ప్రశ్న. కనిపెట్టే సాఫ్ట్‌వేర్లను మేం వాడం. ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటిది విడుదల చేసింది. ఇంగ్లీషు పాఠాల మీద వాళ్లు చేసిన పరీక్షలోనే యంత్రం రాసినవాటిలో అది గట్టిగా గుర్తించింది 26 శాతమే. మనుషులు రాసినదాన్ని 9 శాతం మేర యంత్రానికి అంటగట్టింది. కచ్చితత్వం చాలదని అదే ఏడాది జులైలో ఆపేశారు. తెలుగులో అలాంటిదాన్ని నమ్మి ఒక రచయిత మీద నింద వేయడం అన్యాయం. అందుకే మేం పాత పద్ధతే పాటిస్తాం. రాతప్రతితో పాటు మొదటి చిత్తుప్రతి ఏ రూపంలో ఉన్నా చూపించండి. ఎవరి నోటనైనా విని రాసినదైతే చెప్పినవారి పేరు, ఊరు, విన్న తేదీ, వారి అనుమతి రాసి పెట్టండి, రికార్డింగు ఉంటే మరీ మంచిది. ఒప్పందానికి ముందు సంపాదకుడు మీతో కూర్చుని మూడు నాలుగు చోట్ల “ఇది ఎక్కడిది” అని అడుగుతాడు. తాను రాసిన పుస్తకం గురించి రచయితకు పుస్తకంలో ఉన్నదానికన్నా ఎక్కువే తెలిసి ఉంటుంది.

ఖర్చు మాట నిజమే. చిన్న అచ్చుకు చిత్రకారుడి పారితోషికం భారమే. అందుకు ఏఐ బొమ్మ ఒక్కటే దారి కాదు. ఒకే రంగులో గీతబొమ్మ, మనుషులుంటే వాళ్ల అనుమతితో తీసిన ఫొటో, లేదా చేత్తో రాసిన అక్షరాలతోనే అట్ట వేయవచ్చు. బాపు అక్షరాలు చూసి పుస్తకం చేతిలోకి తీసుకున్న పాఠకులు మనకున్నారు. పైగా, ఊరికే వచ్చే బొమ్మ మీద హక్కు సంగతి తేలలేదు. మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ పుట్టించిన రచనకు దాన్ని పుట్టించడానికి కారకుడైన మనిషిని కర్తగా చెబుతుంది గానీ, ఆ మాట చట్టంలోకి వచ్చింది 1994లో, ఇలాంటి సాధనాలు లేనప్పుడు. అమెరికాలో 2023లో ఒక బొమ్మల పుస్తకంలో మాటలకూ, బొమ్మలను అమర్చిన తీరుకూ హక్కు ఇచ్చి, ఏఐ గీసిన బొమ్మలకు అక్కడి కాపీరైట్ కార్యాలయం ఇవ్వలేదు. మన అట్టను రేపు ఇంకొకరు ఎత్తి వాడుకుంటే అడిగే హక్కు ఉందో లేదో తెలియని స్థితిలో పడటం మాకిష్టం లేదు.

మా వైపు నుంచి కూడా మాట ఇస్తున్నాం. మీ రాతప్రతిని, మీరిచ్చిన రికార్డింగులను మీ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఏఐ సాధనంలోనూ ఎక్కించం. డీటీపీ చేసేవారికీ, ప్రూఫులు చూసేవారికీ ఇదే షరతు పెడుతున్నాం. ఒప్పందంలో ఈ విషయం మీద ఒక పేజీ ఉంటుంది, మీరూ మేమూ ఇద్దరం సంతకం పెడతాం. ఇప్పటికే మాకు చేరిన రాతప్రతుల్లో ఏఐ రాసిన భాగాలుంటే ఒప్పందం కుదిరేలోగా చెప్పండి. ఆ కారణంగా పుస్తకం తిప్పి పంపం, ఆ భాగాలు మళ్లీ రాసుకోవడానికి కావలసిన వ్యవధి ఇస్తాం. చెప్పకుండా అచ్చయ్యాక తేలితే మాత్రం మిగిలిన ప్రతుల అమ్మకం ఆపేస్తాం.