ఫొటో డిలీట్ చేస్తే సరిపోదు

జీతం రాని ఫిర్యాదులు, పాస్‌పోర్ట్ కాపీలు మనం టెలిగ్రామ్ బాట్‌కే పంపుతున్నాం. మొన్న అది ఆగిపోతే, దాన్ని చూసుకునే తమ్ముడు సాయం అడుగుతూ స్క్రీన్ ఫొటో గ్రూపులో పెట్టాడు. అందులో టోకెన్ మొత్తం కనబడుతోంది. ముందు అంకెలు, తర్వాత రెండు చుక్కలు, ఆపైన పొడవాటి అక్షరాల వరుస.

అది దొరికినవాడికి పాస్‌వర్డ్, ఓటీపీ ఏదీ అక్కర్లేదు. బాట్ పేరుతోనే మనల్ని డబ్బులు అడగొచ్చు. మన మెసేజ్‌లు చేరే వెబ్‌హుక్ అడ్రస్‌ను తనవైపు తిప్పుకుంటే, మనం పంపే కాగితాలన్నీ వాడికే పోతాయి.

తమ్ముడు వెంటనే ఫొటో తీసేశాడు. కానీ అప్పటికే ఎవరి ఫోన్లో సేవ్ అయిందో ఎవరికెరుక? తాళంచెవి పోతే తాళమే మార్చాలి. BotFather లో `/revoke` కొట్టి మన బాట్‌ను ఎంచుకుంటే పాత టోకెన్ పనిచేయదు, కొత్తది వస్తుంది. దాన్ని బాట్ నడిచేచోట పెట్టి, `getWebhookInfo` తో అడ్రస్ చూడాలి. మనది కాకపోతే `setWebhook` తో మనది మళ్లీ పెట్టాలి. మన వెబ్‌హుక్ అడ్రస్ బయటపడినా దొంగ ఫిర్యాదులు పంపొచ్చు, కాబట్టి అదీ మార్చాలి.

అయినా, ఆలోపు పోయిన కాగితాలు వెనక్కి రావు. అందుకే ఆ సమయంలో పంపినవాళ్లందరికీ విషయం చెప్పాలి.

తమ్ముణ్ని మాత్రం తిట్టకండి. తిడితే, రేపు ఇంకొకరు తప్పు జరిగినా దాచిపెడతారు.